ఇన్ఫీరియర్ ఎమ్‌ఐ తర్వాత మూడో రోజు ఆయాసం: తెగింది పాపిలరీ కండరమా, సెప్టమా?

ప్రశ్న: సర్, 61 ఏళ్ల మహిళ. బీపీ తప్ప వేరే జబ్బుల్లేవు, ఇదే మొదటి ఎటాక్. గ్యాస్ నొప్పి అనుకుని రాత్రంతా ఇంట్లోనే ఉండి, నొప్పి మొదలైన 14 గంటలకు వచ్చారు. ఇన్ఫీరియర్ ఎమ్‌ఐ. లైసిస్ ఇవ్వలేదు, హెపారిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ పెట్టాం. రెండు రోజులు కుదురుగానే ఉన్నారు. మూడో రోజు తెల్లవారుజామున ఉన్నట్టుండి ఆయాసం, బీపీ 88/60, పల్స్ 124, ఆక్సిజన్ పెట్టినా శాచురేషన్ 86. ఎక్స్‌రేలో రెండు వైపులా తెలుపు, కుడి పైభాగంలో ఎక్కువ. తెల్లకణాలు 14,000. ఎకోలో ఈఎఫ్ 60, చిన్న ఎమ్‌ఆర్ జెట్ అన్నారు. మర్మర్ నాకు సరిగా వినపడలేదు. ఈఎఫ్ బాగుంది కాబట్టి న్యుమోనియా అనుకుని యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. ఇది పాపిలరీ మజిల్ రప్చర్ అయ్యుండొచ్చా? సెప్టల్ రప్చర్ నుంచి ఎలా వేరు చేయాలి? ఈ రప్చర్లు ఎన్నో రోజు దాకా వస్తాయి?

జవాబు:

కాదని తేలేదాకా పాపిలరీ మజిల్ రప్చర్ అనే అనుకోండి. యాంటీబయాటిక్ నడవనివ్వండి, దాంతో నష్టమేమీ లేదు. కానీ దాని ఫలితం కోసం రేపటిదాకా ఆగితే మాత్రం పేషెంట్ దక్కకపోవచ్చు. ఈ మెసేజ్ చదివిన వెంటనే కార్డియాక్ సర్జన్ ఉన్న సెంటర్‌కు ఫోన్ చేయండి. మిగతాది ఆ తర్వాత చదవచ్చు.

మీకు ధైర్యం ఇచ్చిన ఆ ఈఎఫ్ 60 నాకు అన్నిటికంటే ఎక్కువ అనుమానం కలిగిస్తోంది. ఎమ్‌ఐ తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికి మామూలు కారణం ఎడమ జఠరిక పంపు దెబ్బతినడం. అది కారణమైతే ఈఎఫ్ 25, 30 అలా ఉండాలి. జఠరిక గట్టిగానే కొడుతోంది, లంగ్స్ మాత్రం నిండిపోయాయి, బీపీ పడిపోయింది అంటే, కొట్టిన రక్తం ముందుకు పోకుండా ఇంకెక్కడికో పోతోందన్నమాట. వాల్వ్ తెరుచుకుపోతే తక్కువ ప్రెజర్ ఉన్న ఎడమ కర్ణికలోకి రక్తం సులువుగా జారిపోతుంది కాబట్టి జఠరిక బాగా ముడుచుకున్నట్టే కనిపిస్తుంది. ఈఎఫ్ లెక్క ఆ రక్తం ఎటు పోయిందో చెప్పదు. పాపిలరీ రప్చర్ అయిన చాలామందిలో ఇన్ఫార్క్ట్ చిన్నదే. ట్రోపోనిన్ కూడా కళ్లు చెదిరేంత ఉండకపోవచ్చు. చిన్న ఎటాకే కదా అని ఇంటివాళ్లకు అప్పటికే చెప్పి ఉంటారు.

ఇన్ఫీరియర్ ఎమ్‌ఐలోనే ఇది ఎక్కువగా ఎందుకు వస్తుందంటే, మైట్రల్ వాల్వ్‌ను పట్టి ఉంచే రెండు పాపిలరీ కండరాల్లో ఆంటిరోలేటరల్ దానికి ఎల్‌ఏడీ, సర్కమ్‌ఫ్లెక్స్ రెండిటి నుంచీ రక్తం అందుతుంది. పోస్టిరోమీడియల్ దానికి ఒక్క పోస్టీరియర్ డిసెండింగే దిక్కు. అది ఎక్కువమందిలో కుడి కరోనరీ నుంచి, కొందరిలో సర్కమ్‌ఫ్లెక్స్ నుంచి వస్తుంది. ఆ ఒక్కటి మూసుకుంటే కండరం మొత్తం ఎండిపోతుంది. రప్చర్లలో అత్యధిక భాగం ఈ పోస్టిరోమీడియల్ కండరానివే. కండరం మొదలంటా తెగితే పేషెంట్ నిమిషాల్లో, గంటల్లో పోతారు. మన చేతికి ప్రాణాలతో దొరికేవాళ్లలో సాధారణంగా ఒక తల మాత్రమే ఊడి ఉంటుంది. అప్పుడు లీఫ్‌లెట్ ఊచలు విరిగిన గొడుగులా ప్రతి బీట్‌కూ కర్ణికలోకి తిరగబడుతుంది.

మర్మర్ వినపడకపోవడం మీ చెవి తప్పు కాదు. మర్మర్ రావాలంటే రెండు గదుల మధ్య ప్రెజర్ తేడా ఉండాలి. ఏళ్ల తరబడి ఉన్న ఎమ్‌ఆర్‌లో కర్ణిక సాగి పెద్దదవుతుంది, వచ్చిన రక్తాన్ని ఇముడ్చుకుంటుంది. ఇక్కడ మామూలు సైజు కర్ణికలోకి ఒక్కసారిగా రక్తం వచ్చి పడింది. అందులో ప్రెజర్ చూస్తుండగానే పెరిగి సిస్టోల్ సగంలోనే జఠరిక ప్రెజర్‌కు దగ్గరవుతుంది, తేడా మాయమవుతుంది. అందుకే మర్మర్ పొట్టిగా, మెత్తగా ఉంటుంది, కొందరిలో అసలు ఉండదు. 124 పల్స్, లంగ్స్ నిండా క్రెప్స్, పక్కన ఎన్‌ఐవీ మిషన్ హోరు కలిస్తే ఇంకేం వినపడుతుంది? కలర్ డాప్లర్‌లో జెట్ చిన్నగా కనిపించడానికీ ఇదే కారణం. జెట్ సైజు చూసి ఎమ్‌ఆర్‌ను కొలిచే అలవాటు అక్యూట్ ఎమ్‌ఆర్‌లో పనికిరాదు.

కుడి పైభాగం తెలుపు గురించి కూడా చెప్పాలి. ఎమ్‌ఆర్ జెట్ కొన్నిసార్లు నేరుగా కుడి పై పల్మనరీ వెయిన్ నోట్లోకి కొడుతుంది. ఆ లోబ్‌లోనే నీరు ఎక్కువ చేరి, ఎక్స్‌రేలో అచ్చం లోబార్ న్యుమోనియాలా కనిపిస్తుంది. తెల్లకణాలు 14,000 అంటారా, ఎమ్‌ఐ అయిన రెండు మూడు రోజుల్లో అంతమాత్రం పెరగడం మామూలే, కొద్దిపాటి జ్వరం కూడా ఉండొచ్చు. నిమిషాల్లో మొదలైన ఆయాసం, దగ్గు లేదు, కళ్లె లేదు అంటే న్యుమోనియా వైపు మొగ్గడానికి ఆధారం తక్కువ.

ఎకో మళ్లీ చేయించండి, ఈసారి "ఈఎఫ్ ఎంత" అని కాకుండా "మైట్రల్ లీఫ్‌లెట్ ఏదైనా కర్ణికలోకి తిరగబడుతోందా, దాని కొసన కార్డేతో పాటు కండరం ముక్క ఊగుతోందా" అని అడగండి. ప్రశ్న మారితే చూసేవాళ్లు ప్రోబ్ పెట్టే తీరూ మారుతుంది. పోస్టిరోమీడియల్ కండరం నుంచి రెండు లీఫ్‌లెట్లకూ తాళ్లు వెళ్తాయి కాబట్టి ఏదైనా తిరగబడొచ్చు. ఛాతీ మీది ఎకోలో స్పష్టంగా కనిపించకపోతే టీఈఈ కావాలి. అయితే కూర్చుని రొప్పుతున్న మనిషికి సెడేషన్ ఇచ్చి టీఈఈ పెట్టే సాహసం చేయకండి. సర్జరీ సెంటర్‌లో ఇంట్యుబేట్ చేశాక చేస్తే చాలు. ఇక ఎకో చూస్తున్నప్పుడే ఇంకో సంగతి గమనించాలి: ముందు గోడ ఎమ్‌ఐలో, జఠరిక మొదలు భాగం విపరీతంగా ముడుచుకుని, బయటికి పోయే దారి ఇరుకై, మైట్రల్ లీఫ్‌లెట్ ఆ దారిలోకి లాక్కుపోయి కూడా ఇలాగే షాక్, మర్మర్ వస్తాయి. అందులో డోబ్యుటమిన్ ఇస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. మీ కేసు ఇన్ఫీరియర్ కాబట్టి ఆ అవకాశం తక్కువ, అయినా డాప్లర్ ఒకసారి అక్కడ పెట్టమనండి.

ఇప్పుడు సెప్టల్ రప్చర్. ఇన్ఫీరియర్ ఎమ్‌ఐలో ఇదీ వస్తుంది, కాబట్టి ఈసీజీ ఒక్కటే చూసి వేరు చేయలేం. మంచం దగ్గర కొంత తేడా తెలుస్తుంది. సెప్టం చిరిగితే రెండు జఠరికల మధ్య ప్రెజర్ తేడా సిస్టోల్ అంతా ఉంటుంది కాబట్టి మర్మర్ గరగరమంటూ గట్టిగా ఉంటుంది, స్టెర్నమ్ ఎడమ కింది అంచున. దాదాపు సగం మందిలో చెయ్యి పెడితే థ్రిల్ తగులుతుంది. పాపిలరీ రప్చర్‌లో థ్రిల్ తగలడం అరుదు. సెప్టల్ పేషెంట్ మెడ నరాలు ఉబ్బి, చేతులు కాళ్లు చల్లబడి షాక్‌లో ఉన్నా, చాలాసార్లు కాస్త వెల్లకిలా పడుకోగలుగుతారు. పాపిలరీ పేషెంట్‌ను పడుకోబెట్టలేరు. ఇదేమీ రాతి మీద గీత కాదు, సెప్టల్‌లోనూ పల్మనరీ ఎడీమా వస్తుంది. కానీ ఎకో మిషన్ వచ్చేలోపు మీ చేతిలో ఉన్నది ఇదే.

ఎకోలో సెప్టంలోని చిల్లు ఎక్కడ వెతకాలో ముందే తెలియాలి. ముందు గోడ ఎమ్‌ఐలో అది ఏపెక్స్ దగ్గర, సాధారణంగా సూటిగా ఒక రంధ్రంలా ఉంటుంది. ఇన్ఫీరియర్‌లో వెనక, మొదలు భాగంలో, కండరం లోపల వంకర టింకరగా దారి చేసుకుని వెళ్తుంది. మామూలు నాలుగు గదుల వ్యూలో ఇది తప్పిపోతుంది. సబ్‌కోస్టల్ వ్యూలోనూ, షార్ట్ యాక్సిస్‌లో మొదలు నుంచి ఏపెక్స్ దాకా కలర్ పెట్టి మెల్లగా జరుపుతూ పోతేనూ దొరుకుతుంది. దానికి తోడు కుడి జఠరిక కూడా దెబ్బతిని ఉండడం వల్ల ఇన్ఫీరియర్ సెప్టల్ రప్చర్‌లో సర్జరీ ఫలితాలు ముందు గోడవాటి కంటే అధ్వానం.

ఎకో తేల్చలేకపోతే ఆక్సిజన్ లెక్క తేలుస్తుంది. స్వాన్ గాంజ్ క్యాథెటర్ పెట్టి కుడి కర్ణిక నుంచి, పల్మనరీ ఆర్టరీ నుంచి శాంపిల్ తీస్తారు. ఉదాహరణకు సెప్టల్ రప్చర్ ఉన్న ఒకరిలో కుడి కర్ణికలో శాచురేషన్ 58, పల్మనరీ ఆర్టరీలో 80, ధమనిలో 96 అనుకుందాం. మధ్యలో 22 పాయింట్లు ఎగబాకిందంటే ఎడమవైపు ఎర్ర రక్తం కుడి జఠరికలో కలుస్తోందన్నమాట. లంగ్స్‌కు పోయే ప్రవాహం, ఒంటికి పోయే ప్రవాహం నిష్పత్తి ఇలా వస్తుంది:

(96 − 58) ÷ (96 − 80) = 38 ÷ 16 ≈ 2.4

ఒంటికి ఒక లీటరు పోతుంటే లంగ్స్‌కు 2.4 లీటర్లు పోతున్నాయని అర్థం. పాపిలరీ రప్చర్‌లో ఈ ఎగబాకడం ఉండదు, కర్ణికలో 50 ఉంటే పల్మనరీ ఆర్టరీలోనూ దాదాపు అంతే. రెండు జాగ్రత్తలు: మామూలు సెంట్రల్ లైన్ కొస సుపీరియర్ వీనా కావా దగ్గరే ఆగుతుంది కాబట్టి దాని శాంపిల్ ఒక్కదానితో ఈ తేడా పట్టుకోలేరు. ఇక తీవ్రమైన ఎమ్‌ఆర్‌లో ఎర్ర రక్తం లంగ్స్ మీదుగా వెనక్కి తన్ని పల్మనరీ ఆర్టరీ కొమ్మల్లోకి రావచ్చు. అందుకే శాంపిల్ కొమ్మలోంచి కాక ప్రధాన ఆర్టరీలోంచి, వీలైతే కుడి జఠరికలోంచి కూడా తీయాలి. వెడ్జ్ ట్రేసింగ్‌లో పెద్ద వీ వేవ్ కనిపించిందని పాపిలరీ అని రాసేయకండి, సెప్టల్‌లోనూ అది రావచ్చు.

ఎన్నో రోజు దాకా అన్న ప్రశ్నకు పుస్తకాల్లో మూడు నుంచి అయిదు రోజులు, కాస్త విశాలంగా రాస్తే రెండు నుంచి ఏడు రోజులు అని ఉంటుంది. ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందంటే, చచ్చిన కండరంలోకి మొదటి ఒకటి రెండు రోజుల్లో న్యూట్రోఫిల్స్ వస్తాయి, మూడో రోజు నుంచి మ్యాక్రోఫేజ్‌లు వచ్చి దాన్ని తినేస్తాయి. కొత్త కొల్లాజెన్ బలం పుంజుకోవడానికి ఇంకా రోజులు పడుతుంది. పాతది పోయి కొత్తది రాని ఆ మధ్యకాలంలో గోడ అన్నిటికంటే మెత్తగా ఉంటుంది, కానీ పైన పడే ప్రెజర్ ఏమీ తగ్గదు. బతికున్న కండరం పక్కనే చచ్చిన కండరం, ప్రతి బీట్‌కూ ఆ హద్దు దగ్గర లాగుడు. సెప్టం అక్కడే చిరుగుతుంది. పాపిలరీ కండరానికైతే ప్రతి సిస్టోల్‌లో వాల్వ్ బరువంతా దాని కొన మీదే పడుతుంది. రెండో వారం దాటాక స్కార్ గట్టిపడి, రప్చర్ చాలా అరుదైపోతుంది.

రీపెర్‌ఫ్యూజన్ వచ్చాక ఈ క్యాలెండర్ ముందుకు జరిగింది. లైసిస్ ఇచ్చిన వేలాదిమందిని చూసిన గస్టో-1 ట్రయల్‌లో సెప్టల్ రప్చర్ సుమారు 0.2 శాతం మందికే వచ్చింది. పాతరోజుల్లో ఒకటి రెండు శాతం ఉండేది. అంటే మొత్తం మీద బాగా తగ్గింది. కానీ వచ్చినవాళ్లలో సగానికి సగం మందికి మొదటి రోజుల్లోనే, అంటే నొప్పి మొదలైన 24 గంటల అటూ ఇటూగానే వచ్చింది. షాక్ రిజిస్ట్రీలోనూ సెప్టల్‌కు మీడియన్ 16 గంటలు. ఇంత త్వరగా రావడానికి కారణం మ్యాక్రోఫేజ్‌లు కాదు, అంత సమయం వాటికి లేదు. చచ్చిన కండరంలోకి రక్తం చిమ్మి, పొరల మధ్య చీలిక పడి తెగుతుంది. అందుకని రెండు శిఖరాలున్న క్యాలెండర్ గుర్తుపెట్టుకోండి: మొదటి 24 గంటలు ఒకటి, మూడు నుంచి అయిదో రోజు రెండోది. మీ పేషెంట్‌కు రక్తనాళం తెరవలేదు, ఆమె పాత క్యాలెండర్ ప్రకారమే సరిగ్గా మూడో రోజుకు వచ్చారు. వయసు పైబడటం, ఆడవాళ్లు కావడం, బీపీ, మొదటి ఎటాక్, అంతకుముందు యాంజైనా లేకపోవడం, ఆలస్యంగా రావడం, ఇవన్నీ రప్చర్ వైపు లాగే అంశాలే. యాంజైనా లేకపోవడం ఎందుకంటే, కొలేటరల్స్ ఏర్పడే అవకాశం దొరకలేదు. బయటి గోడ రప్చర్ కూడా ఇదే క్యాలెండర్‌లో నడుస్తుంది. అందులో ఎక్కువగా మానిటర్ మీద బీట్ ఉండి పల్స్ మాయమవడమే మొదటి కబురు.

ఇప్పుడు మీ ఐసీయూలో చేయవలసింది. ఇన్ఫీరియర్ ఎమ్‌ఐలో బీపీ పడగానే కుడి జఠరిక ఎమ్‌ఐ అనుకుని సెలైన్ బోలస్ ఎక్కించడం చేతికి అలవాటై ఉంటుంది. లంగ్స్ నిండిన ఈమెకు అది విషం. బీటా బ్లాకర్ ఉంటే ఆపండి. పల్స్ 124 కదా అని మెటోప్రోలాల్ ఇవ్వకండి. ముందుకు పోయే స్ట్రోక్ వాల్యూమ్ బాగా తగ్గింది కాబట్టి ఆ వేగమే ఆమెను నిలబెడుతోంది. ఫ్యూరోసెమైడ్ 40 నుంచి 80 మి.గ్రా. ఐవీ, కూర్చోబెట్టి ఎన్‌ఐవీ. ఇంట్యుబేట్ చేయక తప్పకపోతే ఇండక్షన్ మందుతో బీపీ కూలిపోతుందని ముందే అనుకుని ప్రెసర్ చేతిలో పెట్టుకోండి.

ఈ రెండు జబ్బుల్లోనూ సూత్రం ఒక్కటే: అయోర్టా వైపు అడ్డు తగ్గిస్తే రక్తం ముందుకు పోతుంది, పెంచితే తప్పుదారిలో పోతుంది. అందుకే నైట్రోప్రసైడ్ మంచి మందు, కానీ సిస్టోలిక్ 90 పైన ఉంటేనే. ఈమెకు 88 ఉంది కాబట్టి ముందుగా డోబ్యుటమిన్ 3 మైక్రోగ్రాములు/కిలో/నిమిషంతో మొదలుపెట్టండి. 250 మి.గ్రా.ను 50 మి.లీ. సిరంజిలో కలిపితే 60 కిలోల మనిషికి గంటకు సుమారు 2.2 మి.లీ. బీపీ 100 దాటితే నైట్రోప్రసైడ్ 0.3 నుంచి; 50 మి.గ్రా.ను 50 మి.లీ.లో కలిపితే అదే బరువుకు గంటకు దాదాపు 1.1 మి.లీ. సిరంజికి వెలుతురు తగలకుండా చుట్టండి, ఆర్టీరియల్ లైన్ లేకుండా దీన్ని ముట్టుకోకండి. నోర్‌ఎపినెఫ్రిన్ కావాల్సి వస్తే ఇవ్వండి, చచ్చిపోయే బీపీతో సిద్ధాంతాలు మాట్లాడుకోలేం. కానీ నంబర్ బాగుండాలని పెంచుకుంటూ పోతే లీక్ పెరుగుతుంది. మీన్ 65 చాలు. ఐఏబీపీ ఉంటే, అయోర్టిక్ వాల్వ్ లీక్ లేదని ఎకోలో చూసుకుని, 1:1లో పెట్టి పంపడం అన్నిటికంటే మేలు. క్లోపిడోగ్రెల్ తర్వాతి డోసు సర్జన్‌ను అడక్కుండా ఇవ్వకండి, ఆస్పిరిన్ ఆపకండి.

ఎక్కడికి పంపాలన్నది మందుల కంటే పెద్ద నిర్ణయం. క్యాథ్ ల్యాబ్ ఉన్న ఆసుపత్రి అంటే చాలదు, ఈ రాత్రి వాల్వ్ మార్చగలిగే సర్జన్, పెర్‌ఫ్యూజనిస్ట్ ఉన్నారా అని అడగండి. దగ్గర్లోని క్యాథ్ ల్యాబ్‌కు పంపితే అక్కడ యాంజియో చేసి, రప్చర్ అని చెప్పి, మళ్లీ ఇంకో ఊరికి పంపుతారు. ఆ రెండో అంబులెన్స్‌లోనే చాలామంది పోతారు. ఫోన్‌లో "ఎమ్‌ఐ, ఆయాసం" అనకండి. "ఇన్ఫీరియర్ ఎమ్‌ఐ మూడో రోజు, పాపిలరీ రప్చర్ అనుమానం, ఈఎఫ్ 60, సిస్టోలిక్ 88, చివరి క్లోపిడోగ్రెల్ ఇన్ని గంటలకు, క్రియాటినిన్ ఇంత, బ్లడ్ గ్రూప్ ఇది" అని ఒక్క ఊపిరిలో చెప్పండి.

తొందర రెండిటికీ ఒకేలా ఉండదు. పాపిలరీ రప్చర్‌లో ఆగి లాభం లేదు. సర్జరీ లేకుంటే సగం మంది మొదటి 24 గంటల్లోనే పోతారన్నది పాత లెక్క. చేస్తే ఆపరేషన్ మరణాలు దాదాపు 20 నుంచి 25 శాతం. సాధారణంగా వాల్వ్ మారుస్తారు. చచ్చిన కండరానికి కుట్టు నిలవదు కాబట్టి రిపేర్ అరుదు. ఆ గండం గట్టెక్కితే, జఠరిక బాగుంది కాబట్టి తర్వాతి ఏళ్లు రప్చర్ లేని ఎమ్‌ఐ పేషెంట్లతో సమానంగానే బతుకుతారు.

సెప్టల్‌లో వాదన ఉంది. అమెరికా ఎస్‌టీఎస్ డేటాబేస్‌లో 1999 నుంచి 2010 వరకు ఆపరేషన్ అయిన 2,876 మందిలో మొత్తం మరణాలు 42.9 శాతం. ఏడు రోజుల్లోపు చేసినవాళ్లలో 54.1, ఆ తర్వాత చేసినవాళ్లలో 18.4. చూడగానే ఆగితే మంచిదనిపిస్తుంది. కానీ ఏడు రోజులు బతికి ఉన్నవాళ్లే రెండో లెక్కలో ఉన్నారు, మధ్యలో పోయినవాళ్లు అందులో లేరు. ఆగడంలో నిజమైన లాభం ఒకటుంది: అంచులు గట్టిపడి ప్యాచ్ కుట్లు నిలుస్తాయి. మొదటి రోజుల్లో కుట్టిన చోటే మళ్లీ చిరిగి లీక్ మిగులుతుంది. నా అభిప్రాయం, బీపీ, యూరిన్, ల్యాక్టేట్ నిలకడగా ఉంటే ఐఏబీపీ మీద సర్జరీ సెంటర్‌లోనే ఆగొచ్చు. మీ ఐసీయూలో ఆగకూడదు, ఎందుకంటే చిల్లు ఏ గంటకైనా పెద్దదవుతుంది. ల్యాక్టేట్ పెరగడం మొదలైతే రోజులు లెక్కపెట్టడం మానేసి థియేటర్‌కు వెళ్లాల్సిందే. డివైస్ పెట్టి మూయడం ఎంపిక చేసినవాళ్లలో, చిల్లు 15 మి.మీ. కంటే చిన్నదై అంచులు గట్టిపడ్డాకే బాగా కుదురుతుంది. మొదలు భాగంలోని వంకర చిల్లుల్లో డివైస్ ఆనడానికి అంచే ఉండదు.

ఇకముందు వచ్చే పేషెంట్లకు: సకాలంలో స్టెంట్ పడి రిస్క్ తక్కువున్నవారిని మూడో రోజు ఇంటికి పంపడంలో తప్పు లేదు. నాళం తెరవని, ఆలస్యంగా వచ్చినవారిని అయిదు నుంచి ఏడు రోజులు మీ దగ్గరే ఉంచండి. రోజూ రెండు పూటలా స్టెతస్కోప్ స్టెర్నమ్ ఎడమ కింది అంచునా, ఏపెక్స్‌లోనూ పెట్టి, మర్మర్ లేకపోయినా "మర్మర్ లేదు" అని కేస్‌షీట్‌లో టైముతో సహా రాయించండి. రేపు డ్యూటీలో ఉన్న ఇంకొకరికి వినపడిన మర్మర్ కొత్తదో పాతదో తేల్చడానికి ఆ రాత ఒక్కటే ఆధారం.